కాగితం మూసి చెప్పాల్సిన పరిచయం

బంగారుపేట తాలూకా కామసముద్రంలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సభ ఆహ్వానపత్రంలో ఇంగ్లిషు. రైలెక్కితే కాసేపటికే కుప్పం వచ్చేస్తుంది, అదీ తెలుగు ఊరే. అయినా ఈ కోలారు జిల్లాలో తెలుగు గడగడా మాట్లాడేవాళ్లు చాలామంది తెలుగు అక్షరాలు చదవలేరు, కన్నడ లిపిలోనే తెలుగు రాసుకుంటారు. కైవారం తాతయ్య తెలుగు కీర్తనలు కూడా ఇక్కడివాళ్లు కన్నడ లిపిలో చదువుకుంటారు. సభకు వచ్చే ముఖ్య అతిథి ఇంగ్లిషు పరిచయాన్ని తెలుగులోకి తేవాల్సివచ్చినప్పుడు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. నోటికి వచ్చిన భాష ఒకటి, చేతికి వచ్చిన అక్షరం ఇంకొకటి. ఆ రెంటి మధ్య అనువాదకుడు పుస్తకాల తెలుగును ఆశ్రయిస్తాడు.

ఒక ఊహాచిత్రం చూద్దాం. పట్టుపురుగులు పెంచే రైతుల సభ. సెరికల్చర్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరైన అధికారి అతిథి. ఆయన కార్యాలయం నుంచి చక్కని ఇంగ్లిషు పరిచయం వచ్చింది. దాన్ని మాటకు మాట దించితే ఇలా ఉంటుంది:

“నిరాడంబరమైన రైతు కుటుంబంలో జన్మించి, బెంగళూరునందు విద్యనభ్యసించి, పట్టు పరిశ్రమ రంగానికి 30 సంవత్సరాల నిస్వార్థ సేవను అంకితం చేసి, అసంఖ్యాక జీవితాలను స్పృశించిన దార్శనికుడైన మన ముఖ్య అతిథిని మీకు పరిచయం చేయడం నాకు అపారమైన ఆనందాన్ని ఇస్తోంది.”

వ్యాకరణం తప్పు లేదు. అయినా వినేవాడికి అందదు. తెలుగులో క్రియ చివర వస్తుంది, విశేషణాలన్నీ మనిషికి ముందే వస్తాయి. ఇంగ్లిషులో మనిషిని ముందు నిలబెట్టి, ఆయన చేసిన పనులను తర్వాత ఒక్కొక్కటిగా తగిలించవచ్చు. అదే వాక్యాన్ని తెలుగులోకి దించితే మనిషి తోకలోకి వెళ్లిపోతాడు. పుట్టింది ఎవరో, చదివింది ఎవరో తెలియకుండా రైతు అంతసేపూ గుర్తుపెట్టుకుని కూర్చోవాలి. చదివేవాడికీ మధ్యలో ఊపిరి తీసుకునే చోటు దొరకదు. మైకు ముందు తడబాటు ఎక్కువగా ఇలాంటి వాక్యంలోనే వస్తుంది.

దీనికి మందు పదాలు మార్చడం కాదు, వాక్యాన్ని విరగ్గొట్టడం. ముందు మనిషి, తర్వాత ఒక్కో పనికి ఒక్కో క్రియ.

“జీవితాలను స్పృశించిన” అన్నచోట ఇంకో రకం చిక్కు ఉంది. అది ఇంగ్లిషులో అరిగిపోయిన మాట, తెలుగులో వినేసరికి చెయ్యి పెట్టి తాకినట్టుంటుంది. దాన్ని ఎంత గొప్ప పండితుడు అనువదించినా లాభం లేదు, ఎందుకంటే అందులో విషయమే లేదు. ఆయన ఏం చేశారో కనుక్కోవాలి. అతిథినో ఆయన దగ్గర నేర్చుకున్న రైతునో అడిగితే ఒక్క పని బయటికి వస్తుంది. పురుగులకు రోగం తగిలి చంద్రికల మీద గూళ్లు పడని కాలంలో, పెంపకం గదిని బ్లీచింగ్ పౌడరుతో ఎలా కడగాలో ఇంటింటికీ వచ్చి చూపించారని ఎవరో చెబుతారు. అనువదించాల్సింది ఆ పనిని.

అప్పుడు అదే పరిచయం కోలారు నోట ఇలా పలుకుతుంది:

“ఈ పొద్దు మన సభకు వచ్చుండే సారు మీలో శానామందికి తెలుసు. వాళ్లది కూడా సేద్యం చేసే ఇల్లే. బెంగళూరులో చదువుకున్నారు. సెరికల్చర్ డిపార్ట్‌మెంట్‌లో 30 ఏండ్లు పని చేసినారు. పురుగులకు రోగమొచ్చి మనం తల పట్టుకొని కూర్చున్నప్పుడు, ఇంటింటికీ వచ్చి గది ఎట్ల కడగాల్నో చూపించినారు. ఆ సారే ఇప్పుడు మాట్లాడతారు.”

ఇందులో డిపార్ట్‌మెంట్ డిపార్ట్‌మెంట్‌గానే ఉంది. దాన్ని “శాఖ” చేసినంత మాత్రాన తెలుగుదనం పెరగదు. హోదా, డిగ్రీ, సంస్థ పేరు జనం ఎలా పలుకుతారో అలా ఉంచడమే మేలు. అలాగని నోటికొచ్చిందల్లా వేదిక మీదికి రాదు. అరుగు మీద “ఆయప్ప” అంటే చనువు, మైకులో అంటే అతిథి బంధువులు నొచ్చుకుంటారు. “సారు”, “చేసినారు” అన్నవి ఈ నేల మాటలు, మర్యాదకూ లోటు రానివ్వవు. రాతను నోటి భాషకు దగ్గర చేయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ సభల్లో కూడా అతిథుల పరిచయం “విద్యనభ్యసించి” అనే సాగడం బాధ కలిగిస్తుంది.

పని చేసే పద్ధతి కష్టమేమీ కాదు. ఇంగ్లిషు కాగితాన్ని నిదానంగా చదివి, మూసి పక్కన పెట్టాలి. ఎదురుగా ఒకరిని కూర్చోబెట్టుకుని, అతిథి ఎవరో తెలుగులో చెప్పాలి, ఫోన్‌లో రికార్డు చేయాలి. విని, ఉన్నదున్నట్టు రాసుకోవాలి. కన్నడ లిపిలో రాసుకున్నా తప్పు లేదు. ఆ తర్వాతే కాగితం తెరిచి పేర్లు, ఏళ్లు, హోదాలు సరిచూసుకోవాలి, ఎందుకంటే నోటితో చెప్పేటప్పుడు జారిపోయేవి అవే. చివరగా గట్టిగా చదవాలి. నాలుక మడతపడిన ప్రతి చోటా వాక్యాన్ని రెండు చేయాలి. “మరియు”, “యొక్క” కనబడితే అక్కడ ఇంగ్లిషు ఇంకా మిగిలి ఉందని గుర్తు.

పరిచయం రాసే బాధ్యత మీ మీద పడితే, అనువాదం మొదలుపెట్టక ముందే అతిథికి ఒక ఫోన్ చేయండి. మా ఊరివాళ్లకు మీరు చేసిన పని ఒక్కటి చెప్పండి సార్, అని అడగండి.