పరీక్ష ముందు రాత్రి అక్క రాసే చీటీ

పదో తరగతి పబ్లిక్ పరీక్షల ముందు రాత్రి పిల్లవాడికి ధైర్యం చెప్పడానికి ఇంట్లో అందరూ సిద్ధంగానే ఉంటారు. నాన్న మార్కుల గురించి మాట్లాడతాడు, అమ్మ తిండి గురించి అడుగుతుంది, ఊళ్లో ఉన్న మేనమామ ఫోన్‌లో ఆశీర్వదిస్తాడు. వీళ్లెవరూ చెప్పలేనిది అక్కకో అన్నయ్యకో తెలుసు. రెండు మూడేళ్ల క్రితం అదే పరీక్ష అలాంటి బెంచీ మీదే కూర్చుని రాసి వచ్చిన మనిషి ఇంట్లో తనొక్కతే. ఆ రాత్రి ఆమె రాసే నాలుగు వాక్యాలకు విలువ వచ్చేది అక్కడి నుంచే. ప్రేమ అందరికీ ఉంటుంది, హాల్లో ఏం జరుగుతుందో మాత్రం ఆమెకే తెలుసు.

కాబట్టి చీటీలో ముందు ఉండాల్సింది సమాచారం. చాలా చీటీలు దాన్ని వదిలేసి పొగడ్తతో మొదలవుతాయి. ‘నీకు ఐదొందలు దాటతాయి, నాకు తెలుసు’ అన్న మాట ధైర్యం చెప్పినట్టే ఉంటుంది కానీ, భయపడుతున్న పిల్లవాడికి అది ఇంకొక బాకీలా కనిపిస్తుంది. అక్క నమ్మకం కూడా ఇప్పుడు తనే నిలబెట్టాలి. పెదనాన్న కొడుకు మార్కులు గుర్తుచేయడం అంతకన్నా చెడ్డది. ‘ఈ ప్రశ్న కచ్చితంగా వస్తుంది, ఓసారి చూసుకో’ అని రాత్రి తొమ్మిదింటికి రాయడం అన్నిటికన్నా చెడ్డది. ఆ ప్రశ్న చదవలేదని తేలితే ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు.

‘టెన్షన్ పడకు’ అన్న మాట అందరి నోటా వస్తుంది, పనిచేయదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పి, తలపుకు వచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నారు. వద్దన్నా వాళ్లు గంట కొడుతూనే ఉన్నారు. వద్దనుకున్న ఆలోచన వచ్చిందా లేదా అని మనసు కాపు కాస్తుంది, ఆ కాపలాలోనే అది మళ్లీ గుర్తుకొస్తుంది. భయాన్ని వద్దనే బదులు అది మామూలేనని చెప్పడం మేలు. జెరెమీ జేమీసన్ బృందం 2010లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, పరీక్షప్పుడు కలిగే ఒంటి ఉద్రేకం చెడ్డది కాదు, సాయపడొచ్చు అని ముందుగా విన్న విద్యార్థులు లెక్కల విభాగంలో మిగతావారికన్నా బాగా రాశారు. చిన్న అధ్యయనాన్ని మంత్రంలా నమ్మనక్కర్లేదు. కానీ గుండె దడను ఓటమికి గుర్తుగా చూడవద్దన్న పాటి మాట చెప్పడానికి అది చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి రాయబోతున్న తమ్ముడికి, ఇంటర్ చదువుతున్న అక్క మొదటి పరీక్ష ముందు రాత్రి రాసే చీటీ ఇలా ఉండవచ్చు:

‘ఒరేయ్ చిన్నా, గుండె దడగా ఉంది కదూ? నాకూ మొదటి రోజు అలాగే ఉండింది. ఓఎంఆర్ చేతికిచ్చినప్పుడు వేళ్లు వణికాయి. మొదటి జవాబు రాస్తుండగా ఎప్పుడు తగ్గిందో కూడా తెలీలేదు. నీకు వణికితే వణకనీ, రాయడం మొదలుపెట్టు. పేపరివ్వగానే మాత్రం రాయకు. ముందు పదిహేను నిమిషాలు చదువుకోడానికే. బాగా వచ్చినదాంతో మొదలెట్టు, ప్రశ్న నంబరు మాత్రం సరిగ్గా వెయ్యి. హాల్ టికెట్, పెన్నులు, ప్యాడ్ సంచిలో పెట్టాను. నువ్వు ఓసారి చూసుకుని జిప్ వేసెయ్, ఇక తెరవకు. నిద్ర పట్టకపోతే కళ్లు మూసుకుని పడుకున్నా చాలు. పొద్దున గేటు దగ్గర నేనే ఎదురొస్తా. మధ్యాహ్నం వచ్చాక పేపరెలా రాశావని అడగను, నువ్వే చెబితే వింటా. ఆల్ ది బెస్ట్ రా. అక్క.’

ఇందులో ఒక్క జోస్యం లేదు. ఓఎంఆర్ ప్రస్తావన ఊరికే రాలేదు. మొదటి రోజు పిల్లలను తికమకపెట్టేది ప్రశ్నపత్రం కన్నా ముందు వచ్చే ఆ కాగితమే. పేరు, హాల్ టికెట్ నంబరు, మాధ్యమం, సబ్జెక్టు తనవేనా అని చూసుకుని సంతకం పెట్టాలి. అదనపు పత్రం తీసుకుంటే దాని మీద ప్రధాన జవాబు పత్రం క్రమసంఖ్య వేయాలి, తన పేరు రాయకూడదు. ఇదంతా టీచర్లు బళ్లో చెప్పే ఉంటారు. అక్క వేళ్లు కూడా ఆ కాగితం ముందే వణికాయని తెలియడం వేరు. రేపు అదే ఘట్టం వచ్చినప్పుడు పిల్లవాడు దాన్ని గుర్తుపడతాడు.

పదిహేను నిమిషాల మాట మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రధాన పరీక్ష ఉదయం 9.30 నుంచి 12.45 దాకా, చదువుకునే సమయంతో కలిపి. తెలంగాణలో ఎక్కువ పేపర్లు 12.30కి ముగుస్తాయి, అక్కడ బిట్లుండే పార్ట్-బిని చివరి అరగంటలో రాయించడం పద్ధతి. కాబట్టి విజయవాడ అక్క సలహాను హైదరాబాద్ తమ్ముడికి ఉన్నది ఉన్నట్టు పంపకూడదు. ఏళ్ల తేడాలోనూ ఇదే చిక్కు ఉంది. 2019లో పది రాసిన అన్నయ్య రాసినవి 11 పేపర్లు. కోవిడ్ తర్వాత ఆ సంఖ్య తగ్గింది, పేపర్ల రూపం మారింది. ‘నేను రాసినప్పుడు’ అని మొదలయ్యే సలహాను ఈ ఏటి టైమ్ టేబుల్‌తో, మాదిరి ప్రశ్నపత్రంతో సరిచూసుకున్నాకే కాగితం మీద పెట్టాలి. తప్పు సమాచారమిచ్చిన అక్క మాటను పిల్లవాడు రెండోరోజు నుంచి నమ్మడు.

నిద్ర వాక్యం చిన్నదే అయినా చీటీలో ఎక్కువ పని చేసేది అదే. చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర సాయపడుతుందని పిల్లలకు ఇప్పుడు బాగానే తెలుసు. తెలియడం వల్లే కొత్త చిక్కు వస్తోంది. పదకొండైనా నిద్ర పట్టకపోతే, నిద్రలేక రేపు అన్నీ మరిచిపోతానన్న భయం మొదలవుతుంది, దాంతో వచ్చే కునుకు కూడా పోతుంది. ఒక్క రాత్రి నిద్ర తగ్గితే ఏడాది చదువు చెరిగిపోదు. కళ్లు మూసుకుని పడుకుంటే చాలన్న అనుమతి దొరికాక సాధారణంగా నిద్ర దానంతటదే వస్తుంది.

ఎదురు రావడం గురించి హేతువాదులు నవ్వవచ్చు. నవ్వినా సరే, తెలుగింట్లో బయల్దేరే వేళ ఎవరు ఎదురయ్యారన్నది పిల్లవాడు గమనిస్తూనే ఉంటాడు. ఆ స్థానంలో తనకిష్టమైన మనిషి ఉంటుందని రాత్రే తెలిస్తే ఒక అనిశ్చితి తగ్గుతుంది. దేవుడి దగ్గర హాల్ టికెట్ పెట్టే ఇళ్లలో కుంకుమ బొట్టు పౌచ్ మీద పెట్టాలి. హాల్ టికెట్ మీద ఫొటో, నంబరు చెరిగితే గేటు దగ్గర వివరణ ఇచ్చుకోవాల్సింది పిల్లవాడే.

చీటీ ఎలా రాయాలన్నదెంతో, ఎక్కడ పెట్టాలన్నదీ అంతే. పెన్నుల పౌచ్‌లో దాచి, హాల్లో తెరవగానే కనిపించి సంతోషపడతాడనుకోవడం ముద్దుగా ఉంటుంది కానీ ప్రమాదం. ఇన్విజిలేటర్‌కైనా ఫ్లయింగ్ స్క్వాడ్‌కైనా అది రాతలున్న కాగితమే. అందులో ఏముందో చదివి చూసేలోపు పిల్లవాడి ముఖం పాలిపోతుంది, పది నిమిషాలు పోతాయి. మాల్‌ప్రాక్టీస్ అన్న అనుమానం వస్తే చిక్కు అంతటితో ఆగదు. ప్యాడ్ వెనుక స్కెచ్ పెన్నుతో ‘ఆల్ ది బెస్ట్’ అని రాయడమూ, హాల్ టికెట్ మీద గుండె బొమ్మ గీయడమూ ఇదే కోవలోకి వస్తాయి. రాతలున్న ప్యాడ్‌ను లోపలికి రానివ్వకపోవచ్చు. చీటీని రాత్రి భోజనమయ్యాక పుస్తకం మూసే వేళ చేతికివ్వాలి, లేదా దిండు మీద పెట్టాలి. పొద్దున అది ఇంట్లోనే ఉండిపోవాలి.

అక్క బీటెక్ హాస్టల్లో ఉంటే పరిస్థితి వేరు. వాట్సాప్ సందేశం సాధారణంగా అమ్మ ఫోన్‌కే వస్తుంది. అమ్మ పైకి చదివి, ‘చూశావా, అక్క కూడా బాగా రాయమంటోంది’ అని తన మాట కలిపితే చీటీలో ఉన్న గుట్టు పోతుంది. చేత్తో రాసి ఫొటో తీసి, తమ్ముడికే చూపించమని అమ్మకు విడిగా చెప్పడం ఒక దారి. వాయిస్ మెసేజ్ అయితే నిమిషం దాటకూడదు, ఎనిమిదింటిలోపే వెళ్లాలి. ఫోన్ చేతికొచ్చాక పిల్లవాడు స్నేహితుల గ్రూపులో తిరిగే ‘ఇంపార్టెంట్’ ప్రశ్నల వైపు వెళ్లకుండా ఫోన్ తిరిగి తీసుకోవడం కూడా ఆ పనిలో భాగమే.

చీటీకి అందని భయాలూ ఉన్నాయి. దడ, అరచేతుల చెమట, కడుపులో తిప్పడం ఆ రాత్రికి మామూలు. రెండు మూడు రోజులుగా తిండి మానేయడం, వాంతులు, ఊపిరాడనట్టు ఉక్కిరిబిక్కిరి కావడం, ‘నేను లేకపోతేనే నయం’ వంటి మాటలు మామూలు కావు. అప్పుడు కాగితం పక్కనపెట్టి మనిషి పక్కన కూర్చోవాలి, పెద్దవాళ్లకు చెప్పాలి, ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. తప్పితే ఏడాది పోతుందన్న భయం ఉన్నవాడికి, ఫలితాల తర్వాత కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుందని చెప్పాలి. అయితే అది మాటల్లో, అడిగినప్పుడు చెప్పాల్సింది. చీటీలో రాస్తే, తను తప్పుతాడని అక్క ముందే అనుకుందని అర్థం చేసుకుంటాడు.

మొదటి పరీక్ష అయ్యాక ప్రతి రాత్రీ చీటీ అక్కర్లేదు, రోజూ రాస్తే అది దినచర్యలో కలిసిపోతుంది. భయమున్న పేపరు ముందు మరొకటి చాలు. ఎక్కువ ఇళ్లలో అది లెక్కలు. ఆంధ్రప్రదేశ్ లెక్కల పేపరులో వంద మార్కులకు నలభై చివరి విభాగంలోని ఐదు ప్రశ్నల్లోనే ఉంటాయి. ఎనిమిదేసి మార్కుల ఆ ప్రశ్నల్లో ఒక్కోదానికీ రెండింటిలో ఒకటి ఎంచుకునే వీలుంది, జవాబు చివరిదాకా రాకపోయినా సరైన సోపానాలకు మార్కులు పడతాయి. రెండో చీటీలో ఇంత రాస్తే సరిపోతుంది: ‘చదువుకునే టైములో చివరి పేజీ ముందు చూడు, ఐదింటిలో ఏది ఎంచుకుంటావో టిక్కు పెట్టకుండా మనసులోనే అనుకో. ఆగిపోయిన చోట కొట్టేయకు, జాగా వదిలి తర్వాతిదానికి వెళ్లు. గ్రాఫ్ కాగితం మీద నీ జవాబు పత్రం నంబరు వెయ్యడం మర్చిపోకు. స్కేలు, పెన్సిలు పెట్టాను.’