తిథిలోని చుక్క

పసుపు నేల మీద ఎర్ర అక్షరాలు. శుభలేఖకి మనవాళ్లు ఎప్పుడో ఖాయం చేసిన రంగులివి. కార్డు జేపెగ్ రూపంలో ఫోన్లలో తిరగడం మొదలయ్యాక సవరణలూ మొదలవుతాయి. ముహూర్తం పది నిమిషాలు జరిగిందంటారు, కల్యాణమండపం మారిందంటారు, మేనమామ పేరు మర్చిపోయారంటారు. డీటీపీ కుర్రాడు ప్రతిసారీ నిన్నటి జేపెగ్‌నే తెరిచి, పాత మాట మీద పసుపు పూసి, కొత్త మాట కొట్టి, మళ్లీ జేపెగ్‌గానే సేవ్ చేస్తాడు. నాలుగైదు సవరణలయ్యేసరికి థ కడుపులోని చుక్క నేలలో కలిసిపోయి, ‘తిథి’ కాస్తా ‘తిధి’ అయి కూర్చుంటుంది. ప్రూఫు దిద్దినవాళ్లని అనడానికేమీ లేదు.

జేపెగ్ అందరికీ తెలిసిందే. 1992లో ప్రమాణమైంది. దాని గుండెకాయ లాంటి లెక్కని నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు 1974లో ప్రచురించారు. పీఎన్‌జీ పరిచయం మాత్రం చాలామందికి పైపైనే. జిఫ్ వాడే కుదింపు పద్ధతి మీద పేటెంటు గొడవ రేగాక, 1995లో దాని రూపకల్పన మొదలైంది. పుట్టుక వేరైనా ఇవి దాయాదులే. పక్క పిక్సెల్ చూసి ఈ పిక్సెల్‌ని చాలావరకు ఊహించవచ్చన్నది రెండింటి నమ్మకం. చివర్లో అంకెల్ని పొట్టి చేయడానికి డేవిడ్ హఫ్‌మన్ 1952లో చెప్పిన పద్ధతి మీదే రెండూ ఆధారపడతాయి. ఆ పద్ధతిలో ఒక్క బిట్టు కూడా పోదు. కాబట్టి పోయేదంతా అంతకుముందే పోతోంది.

పీఎన్‌జీ ఎడమ పిక్సెల్, పై పిక్సెల్, వాటి మూలలోని పిక్సెల్ చూసి తర్వాతిది ఇంత ఉండొచ్చని అంచనా వేస్తుంది. అంచనాకీ అసలుకీ ఉన్న తేడాని మాత్రమే రాసుకుంటుంది. చదునైన పసుపులో ఆ తేడా సున్నా. అక్షరం అంచు దగ్గర పెద్ద అంకె వస్తుంది, దాన్నీ ఉన్నదున్నట్టే రాస్తుంది. తెరిచేటప్పుడు ఆ తేడాని తిరిగి కలిపితే అదే పిక్సెల్ వస్తుంది, వందోసారి తెరిచినా సరే. జేపెగ్ కూడా అదే నమ్మకంతోనే బయల్దేరుతుంది కానీ దారిలో సర్దుబాటు చేసుకుంటుంది. బొమ్మని ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడినీ మెల్లగా మారే అలలు, చకచకా మారే అలల మొత్తంగా రాస్తుంది. ప్రతి అల బలాన్నీ పట్టికలోని ఒక అంకెతో భాగించి, వచ్చినదాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తుంది. అక్కడే పోతుంది.

గడి సరిగ్గా సగం తెలుపు, సగం నలుపు అనుకుందాం, మధ్యలో నిలువు అంచు. అందులో వేగంగా మారే ఒక అల బలం 217 వస్తుంది. నాణ్యత 50 దగ్గర ప్రామాణిక పట్టికలో దానికి ఎదురుగా ఉన్న అంకె 40. భాగిస్తే 5.4, సవరిస్తే 5. తెరిచేటప్పుడు 5ని 40తో హెచ్చవేస్తే 200. పదిహేడు పోయాయి. పదునైన అంచు నిలబడాలంటే అన్ని అలలూ వాటి వాటి పాళ్లలో కలవాలి. ఒకటి తగ్గితే అంచు పక్కన తెల్లటి నేల మీద సన్నటి అలల్లా మచ్చలు తేలతాయి. కార్డు మీద పసుపు పూసే కుర్రాడికి ఇది బాగా తెలుసు. అక్షరం పక్కనుంచి రంగు తీసుకుని పూస్తే ఆ అతుకు నలుచదరంగా బయటపడిపోతుంది, ఎందుకంటే అక్కడున్నది అసలు పసుపు కాదు.

ఇక్కడ జేపెగ్ తరఫున ఒక మాట చెప్పాలి. ఆ 200ని మళ్లీ 40తో భాగిస్తే సరిగ్గా 5 వస్తుంది. అంటే వెలుగు లెక్కలో, అదే నాణ్యతతో, ఏమీ ముట్టుకోకుండా ఎన్నిసార్లు సేవ్ చేసినా మొదటిసారి పోయినదాని మీద పోయేది బహు స్వల్పం. ఉత్తినే తెరిచి మూసినా, ఫైల్‌ని కాపీ చేసినా అదీ లేదు. కానీ పై అంచున మూడు పిక్సెళ్లు కత్తిరించండి, లేదా కాస్త వెలుగు పెంచండి. కత్తిరిస్తే గళ్లు కొత్త చోట్ల తెగుతాయి, ఏది చేసినా అలల అంకెలు మారతాయి, మళ్లీ సవరింపు. ఈసారి పాత మచ్చల్ని కూడా బొమ్మలో భాగమేననుకుని వాటినీ కలిపి సవరిస్తుంది.

రంగు విషయంలో మాత్రం ఈ సమర్థన నిలవదు. మన కన్ను వెలుగులోని తేడాని పట్టినంత చురుగ్గా రంగులోని తేడాని పట్టదు. అందుకని మామూలుగా జేపెగ్ రెండుకి రెండు పిక్సెళ్లకి కలిపి ఒకే రంగు ఉంచుకుంటుంది. మొహాల ఫొటోలో ఈ పొదుపు ఎవరికీ కనపడదు, నిజానికి మెచ్చుకోదగ్గ తెలివి అది. ఎర్ర అక్షరానికి మాత్రం ఇదే గండం. చాలా సాఫ్ట్‌వేర్లలో ఉండే లిబ్‌జేపెగ్ మామూలు అమరికలో ఫైల్‌ని తెరిచేటప్పుడు ఆ ఒక్క రంగుని నాలుగు పిక్సెళ్లకి నున్నగా పరుస్తుంది: అడ్డంగా తనది ముప్పాతిక, పక్కదాని నుంచి పావు, నిలువుగా కూడా అంతే. సేవ్ చేసేటప్పుడు మళ్లీ సగటు తీస్తుంది. అంటే ఏమీ మార్చకపోయినా ప్రతిసారీ రంగు పక్కకి పాకుతూనే ఉంటుంది.

థలోని చుక్క సరిగ్గా రెండు పిక్సెళ్ల చదరంలో కుదిరిందనుకుందాం. అంతకన్నా అదృష్టం ఉండదు. ఎరుపుని చెప్పే అంకె చుక్కలో 255, పసుపు నేలలో 149. తెరిచి మళ్లీ సేవ్ చేస్తే చుక్కది 209కి దిగుతుంది, ఇంకోసారికి 186. సవరింపుల నష్టం దీనికి అదనం. వెలుగు నిలబడుతుంది కాబట్టి చుక్క ఆకారం కొన్నాళ్లు ఉంటుంది, రంగు మాత్రం మట్టిరంగులోకి జారుతుంది. చుట్టూ మచ్చలు కూడా చేరితే ఆకారమూ పోతుంది.

పీఎన్‌జీకి ఈ బెడదలేవీ లేవు. అలాగని అది అన్నిటికీ మందు కాదు. పన్నెండు మెగాపిక్సెళ్ల ఫొటో విప్పితే 36 మెగాబైట్లు, అందులో గింజలాంటి చిన్న తేడాలు పిక్సెల్ పిక్సెల్‌కీ ఉంటాయి. అందువల్ల పీఎన్‌జీ దాన్ని పెద్దగా కుదించలేదు, అక్కడ జేపెగ్‌దే పైచేయి. చదునైన నేల మీద అక్షరాలే ఉన్న కార్డయితే పీఎన్‌జీయే చిన్నగా రావచ్చు. కాబట్టి పంపకం జేపెగ్‌కి, సవరణ పీఎన్‌జీకి అప్పగించడం మేలు. పని ఎప్పుడూ `work.png` మీదే జరగాలి, జేపెగ్ ప్రతిసారీ దాని నుంచి కొత్తగా పుట్టాలి:

```
magick card.jpg work.png
magick work.png -sampling-factor 4:4:4 -quality 92 card-final.jpg
```

రెండో వరుసలోని 4:4:4 రంగుని నలుగురికి పంచకుండా పిక్సెల్ పిక్సెల్‌కీ ఉంచమని చెప్పడం. ఫైల్ కాస్త పెరుగుతుంది, ఎర్ర అంచు నిలుస్తుంది. `card-final.jpg`ని మళ్లీ ఎడిటర్‌లో తెరవకూడదు. గింప్ 2012లో వచ్చిన 2.8 నుంచి ‘సేవ్’ నొక్కితే తన ఎక్స్‌సీఎఫ్‌గానే సేవ్ చేస్తుంది, జేపెగ్ కావాలంటే విడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. దాన్ని అప్పట్లో చాలామంది విసుక్కున్నారు, నాకు మాత్రం సబబుగానే తోస్తుంది. ఎక్స్‌సీఎఫ్ పీఎన్‌జీ కన్నా ఒక మెట్టు పైన. పొరలు విడివిడిగా ఉంటాయి, అక్షరం అక్షరంగానే ఉంటుంది. ముహూర్తం మారితే పసుపు పూయనక్కర్లేదు, అంకె మారిస్తే చాలు.

ఒకటి మాత్రం రెండు ఫార్మాట్ల చేతిలోనూ లేదు. చెడిన జేపెగ్‌ని పీఎన్‌జీగా మారిస్తే ఆ మచ్చల్నీ మట్టిరంగు చుక్కనీ పీఎన్‌జీ అంతే నమ్మకంగా కాపాడుతుంది. పాత ఫైల్ ఒక్కటే మిగిలిన కార్డులో ఫొటోని ఉన్నట్టే ఉంచి, అక్షరాలున్న మేర కొత్త పసుపు నింపి, ‘తిథి’ని ఫాంటుతో మళ్లీ కొట్టుకోవాల్సిందే.