తాతయ్య ఉప్పు మాట

రిసెప్షన్‌లో మైకు పట్టుకుని, పోయిన పెద్దాయన్ని తలచుకుని, ఎవరి కళ్లూ తడవకుండా దిగిరావడం పెద్ద విద్యే. మొన్న మా బంధువుల పెళ్లిలో పెళ్లికూతురి మేనమామ అది చేసి చూపించాడు.

ముందు పెళ్లికొడుకుని కాస్త ఆటపట్టించాడు. ఆ నవ్వులు ఆగకముందే అందుకున్నాడు: "మా నాన్న ఏ పెళ్లికెళ్లినా ముందు వంటశాలలోకే దూరేవాడు. గుత్తివంకాయ నోట్లో వేసుకుని 'ఉప్పు తగ్గింది' అనేవాడు. తగ్గకపోయినా అనేవాడు! ఇవాళ వంటవాళ్లు హాయిగా ఉన్నారు. అమ్మాయ్, రేపట్నుంచి మీ ఆయన వంటకి వంక పెట్టే బాధ్యత నీదే."

అంతే. ఒక్క అలవాటు, నిమిషం లోపు. జబ్బు ఊసు లేదు. "ఆయనుంటే ఎంత మురిసిపోయేవారో" అనలేదు. ఆ ఒక్క మాట పడితే ముందు వరుసలో అమ్మమ్మ కొంగు కళ్లమీదికి పోతుంది. పైగా ఆవిడకి ముందురోజే చెప్పి ఒప్పించాడట. తాతయ్య మాట చివర్లో కాకుండా మధ్యలో పెట్టడమే అసలు ఒడుపు: గొంతు వణికినా తేరుకోవడానికి ఇంకో జోకు మిగిలి ఉంటుంది.

దండేసిన ఫొటోని తెరమీద చూపించి విషాద సంగీతం వేయించే ఈవెంట్ వాళ్లు దయచేసి ఈయన్ని ఓసారి వినాలి.