వచ్చేవి వస్తున్నాయి, పోయేవే పోవడం లేదు

ఆఫీసుల్లో మెయిల్ బాగుచేసే పనికి వెళ్తే తరచుగా వినపడే మాట ఒకటుంది: "వచ్చేవన్నీ వస్తున్నాయండీ, మేం పంపేవే పోవడం లేదు." చెప్పేవాళ్లు అప్పటికే ఇంటర్నెట్‌ వాళ్లకి ఫోన్ చేసి ఉంటారు, కంప్యూటర్ రెండు మూడుసార్లు ఆపి వేసి ఉంటారు. నిజానికి ఆ మాటలోనే సగం జవాబు ఉంది. మెయిల్ వస్తోందంటే నెట్ పనిచేస్తోంది, అకౌంట్ బతికే ఉంది, వచ్చే మెయిల్ కోసం ఇచ్చిన పాస్‌వర్డ్ కూడా సరైనదే. ఇక వెతకాల్సింది ఔట్‌గోయింగ్ సర్వర్ దగ్గరే.

మెయిల్ రావడానికీ పోవడానికీ దారులు వేరు. వచ్చే మెయిల్‌ని ఐమాప్ లేదా పాప్ పద్ధతిలో తెచ్చుకుంటాం. పోయే మెయిల్ ఎస్ఎంటీపీ పద్ధతిలో వెళ్తుంది. 1982లో ఎస్ఎంటీపీ నియమాలు రాసినప్పుడు పంపేవాడు ఎవరని అడిగే ఏర్పాటే అందులో లేదు. వీధి చివర ఎర్ర పోస్టు డబ్బాలో ఎవరైనా ఉత్తరం వేయొచ్చు కదా, అలాగే. మన పెట్టెలో ఉన్నది మనమే చదవాలి కాబట్టి తెచ్చుకునే దారికి మాత్రం పాస్‌వర్డ్ ఉండేది. 1990లలో స్పామ్ పంపేవాళ్లు ఈ తెరిచిన తలుపుల్ని వాడుకోవడం మొదలుపెట్టాక 1999లో ఎస్ఎంటీపీకి ఆథెంటికేషన్ చేర్చారు. తర్వాత వచ్చి చేరింది కాబట్టే, ఇప్పటికీ మెయిల్ ప్రోగ్రాముల్లో పంపే దారికి పాస్‌వర్డ్ సెట్టింగ్ విడిగా ఉంటుంది. థండర్‌బర్డ్‌లో అయితే అకౌంట్ సెట్టింగ్‌ల జాబితాలో అట్టడుగున, `Outgoing Server (SMTP)` అనే పేరుతో కనిపిస్తుంది. 

రాజమండ్రిలో మా బావగారి ఆడిట్ ఆఫీసులో జరిగింది చెబుతాను. ఒక సోమవారం నుంచి క్లయింట్లకి మెయిళ్లు పోవడం ఆగిపోయింది. "ఎవరం ఏ సెట్టింగూ ముట్టుకోలేదురా, ఒకసారి వచ్చి చూడు" అన్నారు. ముట్టుకోలేదన్న మాట నిజమే. విచిత్రం ఏమిటంటే ఆఫీసులో ఒకరికొకరు పంపుకునేవి మాత్రం చక్కగా వెళ్తున్నాయి. దాంతో క్లయింట్ల చిరునామాలే మారాయేమో, వాళ్ల పెట్టెలు నిండిపోయాయేమో అని అందరినీ అడిగి చూశారు.

నాకు కావాల్సింది ఎర్రర్‌లో ఉన్న అంకెలు. చాలామంది ఆ కిటికీ రాగానే మూసేస్తారు. మూయకుండా ఉంచమన్నాను:

```
554 5.7.1 Relay access denied
```

ఈ వరుస చెప్పేది స్పష్టం. సర్వర్ దొరికింది, మాట్లాడింది, కానీ "నువ్వెవరో నాకు తెలియదు, నీ తరఫున బయటి చిరునామాకి మెయిల్ చేరవేయను" అంటోంది. సొంత డొమైన్‌కి వచ్చే మెయిల్‌ని ఏ సర్వరైనా ఎవరి దగ్గరనుంచైనా తీసుకోవాలి, లేకపోతే లోకంలో ఎవరూ మనకి మెయిల్ పంపలేరు. ఆఫీసు లోపలి మెయిళ్లు వెళ్లింది అందుకే. ఈ చిన్న తేడా బాగా గుర్తు పెట్టుకోదగ్గది. లోపలికి పోయి, బయటికి పోకపోతే ఆథెంటికేషన్ జరగడం లేదని దాదాపు తేలిపోయినట్టే. సెట్టింగ్ సరిచేశాక పరీక్ష మెయిల్ పక్క కుర్చీలో ఉన్నవాళ్లకి పంపి సరిపోయిందనుకోకూడదన్నదీ అందుకే. బయటి చిరునామాకే పంపాలి.

మరి ఇన్నాళ్లూ ఎలా పోయాయి? సెట్టింగ్ తెరిస్తే పోర్టు 25, ఆథెంటికేషన్ దగ్గర `No authentication` అని ఉంది. ఆఫీసుకి పాత నెట్ కనెక్షన్‌తో మారని ఐపీ అడ్రస్ ఒకటి ఉండేది. మెయిల్ సర్వర్ చూసేవాళ్లు ఆ అడ్రస్‌ని నమ్మకమైనవాటి జాబితాలో పెట్టారు. అక్కడినుంచి ఏది వచ్చినా పాస్‌వర్డ్ అడగకుండా సర్వర్ పంపేసేది. ఆ సోమవారానికి ముందు శనివారం బావగారు కొత్త ఫైబర్ కనెక్షన్ వేయించారు. ఐపీ మారింది, నమ్మకం పోయింది. వచ్చే మెయిల్‌కి ఎటూ పాస్‌వర్డ్ ఉంది కాబట్టి ఆ దారికి ఏమీ కాలేదు. ఆఫీసులో పనిచేసే ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్తే మెయిల్ పంపదనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

కొత్త ఐపీని మళ్లీ ఆ జాబితాలో చేర్పిస్తే పని అయిపోతుంది. నేను ఒప్పుకోలేదు. అలా నమ్మితే ఆ లైను మీద ఉన్న ఏ కంప్యూటర్‌కి వైరస్ పట్టినా అది ఆఫీసు పేరుతో స్పామ్ పంపగలదు. మనిషిని గుర్తించాలి గానీ తీగని కాదు. పోర్టు 587కి మార్చాను. 1998 నుంచి వాడుకదారులు మెయిల్ పంపడానికి విడిగా పెట్టిన పోర్టు ఇది. 25 సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి. కనెక్షన్ సెక్యూరిటీ దగ్గర `STARTTLS`, యూజర్‌నేమ్ దగ్గర పూర్తి మెయిల్ చిరునామా పెట్టాను.

ఆథెంటికేషన్ మెథడ్ ఎంచుకునే దగ్గర మా బావగారి అసిస్టెంటు `Encrypted password` పెట్టమంది. పేరు చూస్తే ఎవరైనా అదే ఎంచుకుంటారు, `Normal password` అంటే పాస్‌వర్డ్ బట్టబయలుగా పోతుందనిపిస్తుంది. ఏది పెట్టాలో సర్వర్‌నే అడగొచ్చు:

```
openssl s_client -starttls smtp -crlf -connect mail.example.com:587
EHLO test
```

అక్కడ మన సర్వర్ పేరు వేసుకోవాలి. వచ్చిన జవాబులో `AUTH PLAIN LOGIN` అని ఉంది. అంటే ఈ సర్వర్‌కి తెలిసింది మామూలు పాస్‌వర్డే. ఎన్‌క్రిప్టెడ్ అని పెడితే సర్వర్‌కి రాని భాషలో మాట్లాడినట్టవుతుంది, మెయిల్ పోదు. భయపడాల్సిందీ లేదు. `STARTTLS` ముందే దారి మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, పాస్‌వర్డ్ ఆ తర్వాతే వెళ్తుంది. సరిగా ఏర్పాటు చేసిన సర్వర్లు దారి భద్రం కానిదే ఆ `AUTH` వరుస చూపించనే చూపించవు. అందువల్ల కనెక్షన్ సెక్యూరిటీ `None` అని ఉంటే, సర్వర్‌కి ఆథెంటికేషనే రాదన్నట్టు థండర్‌బర్డ్ చెబుతుంది. తప్పు ఆథెంటికేషన్ వరుసలో వెతుకుతాం, అది పై వరుసలో ఉంటుంది.

అంకెలు వేరైతే జబ్బు వేరు. 535 వస్తే ఆథెంటికేషన్ ప్రయత్నం జరిగింది గానీ పాస్‌వర్డో యూజర్‌నేమో కుదరలేదు. పాస్‌వర్డ్ మార్చిన మర్నాడు ఇది ఎక్కువ. వచ్చే దారికి కొత్తది ఇస్తాం, పోయే దారికి పాతదే దాచి ఉంటుంది. థండర్‌బర్డ్‌లో దాచిన పాస్‌వర్డుల జాబితాలో `smtp://` తో మొదలయ్యే పాత వరుసను తీసేస్తే మళ్లీ అడుగుతుంది. అసలు అంకెలే రాకుండా చాలాసేపు తిరిగి టైమ్‌అవుట్ అయితే అది పాస్‌వర్డ్ గొడవ కాదు. పోర్టు పొరపాటో, నెట్ కంపెనీ 25ని మూసేయడమో అయివుంటుంది.

బావగారి ఆఫీసునుంచి నా సొంత చిరునామాకి ఒక మెయిల్ పంపించి, దాని సోర్స్ తెరిచాను. `Received:` అని మొదలయ్యే వరుసల్లో అట్టడుగుదానిలో `with ESMTPSA` అని ఉంది. అందులో S అంటే దారి ఎన్‌క్రిప్ట్ అయిందని, A అంటే పంపినవారెవరో సర్వర్ గుర్తించిందని. తక్కిన కంప్యూటర్లలోనూ అదే సెట్టింగ్ పెట్టి, ఒక్కోదాన్నుంచీ ఒక మెయిల్ తెప్పించుకుని ఆ A కోసం చూశాను. తర్వాత పాత ఐపీని నమ్మకం జాబితాలోంచి తీసేయమని సర్వర్ వాళ్లకి రాయించాను. రేపు ఆ అడ్రస్ ఎవరికి ఇస్తారో మనకి తెలియదు.