కాలానికి లొంగని కోణం

క్వాంటం యాంత్రికశాస్త్రంలో ఎన్నిసార్లు చేసినా నాకు తనివి తీరని లెక్క ఒకటుంది. ఒక అయస్కాంత క్షేత్రం తన బలం మార్చుకోకుండా, నిలువు అక్షం నుంచి θ కోణం వాలి, శంకువు గీస్తున్నట్టు మెల్లగా తిరుగుతుంది. క్షేత్రం దిశలోనే నిలిచిన ½ స్పిన్, న్యూట్రాన్‌దే అనుకోండి, దాని వెంట నడుస్తుంది. చుట్టు పూర్తయి క్షేత్రం బయల్దేరిన చోటికే చేరుతుంది. స్పిన్ కూడా చేరుతుంది. మరి ఈ ప్రయాణం తాలూకు గుర్తు ఏదైనా మిగిలిందా?

ముందు స్పిన్ వెంట నడవడమే చూడాలి. 1928లో మాక్స్ బోర్న్, వ్లదీమిర్ ఫోక్ నిరూపించిన అడియాబాటిక్ సిద్ధాంతం ఈ విధేయతకు హామీ ఇస్తుంది. ఇక్కడ మెల్లగా అంటే ఏమిటో స్పిన్నే చెబుతుంది. క్షేత్రం చుట్టూ స్పిన్ గిర్రున తిరిగే లార్మర్ వేగం ω₁. క్షేత్రం తిరిగే వేగం ω. మొదటిదానితో పోలిస్తే రెండోది చాలా చిన్నదైతే చాలు. ω₁ వంద రెట్లు ఉండి, θ 60 డిగ్రీలైతే, స్పిన్ దారి తప్పి ఎదురు దిశకు తిరిగిపోయే సంభావ్యత ఏ క్షణంలోనూ లక్షకు ఎనిమిదిని దాటదు. దారిలో క్షేత్రం బలం సున్నాకు పడిపోతే మాత్రం ω₁ కూడా సున్నా అవుతుంది. అప్పుడు ఎంత మెల్లదనమైనా స్పిన్‌ను నిలబెట్టలేదు.

ఇప్పుడు ఫేజ్ సంగతి. క్షేత్రంతో పాటు తిరిగే చట్రంలోంచి చూస్తే క్షేత్రం కదలదు. దానికి బదులు అక్షం వెంట ఒక చిన్న అదనపు క్షేత్రం పుట్టినట్టు కనిపిస్తుంది. రెండూ కలిసి ఇచ్చే వేగం ఇది:

λ = √(ω₁² + ω² − 2ω₁ω cos θ)

ఒక చుట్టుకు పట్టే కాలం T = 2π/ω. ఆ కాలంలో పోగయ్యే ఫేజ్‌ను, ω చిన్నదన్న సంగతి వాడుకుని విప్పితే ఇలా వస్తుంది:

λT/2 = ω₁T/2 − π cos θ + πω sin²θ/(2ω₁) + …

ఈ ఒక్క పంక్తి దగ్గరే నేను ఆగిపోతాను. మొదటి పదం గడియారం లాంటిది. మన ఉదాహరణలో అది 50 పూర్తి చుట్ల ఫేజ్. మూడోది తొందరపాటుకు పడే జరిమానా, డిగ్రీలో మూడింట రెండు వంతులంత. క్షేత్రాన్ని సగం వేగంతో తిప్పితే మొదటిది 100 చుట్లవుతుంది, మూడోది సగమవుతుంది. ఒకటి అనంతం వైపు, మరొకటి సున్నా వైపు సాగిపోతుంటే మధ్య పదం మాత్రం చెక్కుచెదరదు. అందులో ω లేదు, ω₁ లేదు, T లేదు. ఉన్నది కోణం ఒక్కటే.

తిరిగే చట్రం నుంచి మన చట్రానికి వచ్చేటప్పుడు ½ స్పిన్ గుర్తు మారుతుంది, అంటే π తోడవుతుంది. దాన్ని కలిపితే మధ్య పదం π(1 − cos θ) అవుతుంది. క్షేత్రం దిశ గోళం మీద గీసిన వలయంలోని ఘనకోణం 2π(1 − cos θ). స్పిన్ మోసుకొచ్చింది సరిగ్గా అందులో సగం. 60 డిగ్రీల దగ్గర అది పావు చుట్టు ఫేజ్.

ఇది శంకువుకే పరిమితం కాదని 1984లో బ్రిస్టల్‌లో మైఖేల్ బెరీ చూపించాడు. వలయం వంకరటింకరగా ఉండవచ్చు, క్షేత్రం మధ్యలో ఆగి ఆగి నడవవచ్చు. లెక్కకు వచ్చేది చుట్టుముట్టిన ఘనకోణమే. అంతకుముందు చాలాకాలం ఈ ఫేజ్‌ను ఆధార స్థితుల ఎంపికతో తుడిచేయవచ్చని అనుకున్నారు. దారి తెరిచి ఉన్నంతవరకు అది నిజమే. దారి మూసుకున్నాక ఏ ఎంపికా దాన్ని తుడవలేదు.

1987లో బిట్టర్, డబ్బర్స్ దీన్ని న్యూట్రాన్లతో కొలిచారు. మెలితిరిగిన క్షేత్రంలోంచి దూసుకుపోయే న్యూట్రాన్‌కు క్షేత్రమే తిరుగుతున్నట్టు ఉంటుంది. అనుకూల, ప్రతికూల స్పిన్ స్థితులకు ఫేజ్ వ్యతిరేక గుర్తులతో వస్తుంది కాబట్టి, రెండూ కలిసిన స్థితిలో ఆ తేడా స్పిన్ అదనంగా తిరిగిన కోణంగా బయటపడుతుంది. 60 డిగ్రీల శంకువుకు అది అర చుట్టు. గడియారపు వాటా నుంచి దాన్ని విడదీయడానికి ఒక సులువుంది: మెలిక దిశ తిప్పేస్తే జ్యామితి పదం గుర్తు మారుతుంది, కాలం పదం మారదు. వేగం మార్చినప్పుడు జ్యామితి వాటా కదిలితే మాత్రం, మెల్లదనం ఇంకా చాలలేదని అర్థం.

పై వర్గమూలాన్ని మీరే కాగితం మీద విప్పి చూడండి. θను 90 డిగ్రీలు చేయండి. క్షేత్రం, స్పిన్ రెండూ మొదటి చోటికే చేరతాయి, కానీ కాలం వాటా తీసేశాక తరంగ ప్రమేయం గుర్తు మాత్రం తిరగబడి ఉంటుంది.