కార్బన్‌లో 15 అమరికలు, మూడు శక్తిస్థాయిలు

కార్బన్ ఎలక్ట్రాన్ విన్యాసం 1s² 2s² 2p² అని ఇంటర్ విద్యార్థి కూడా చెబుతాడు. అయితే ఆ విన్యాసం ఒక్క శక్తికే కట్టుబడి ఉండదు. చివరి రెండు ఎలక్ట్రాన్లు 2pలో ఎలా కుదురుకున్నాయన్నదాన్ని బట్టి పరమాణువుకు మూడు వేర్వేరు శక్తులు వస్తాయి. వాటికి పెట్టిన పేర్లే టర్మ్ సింబల్స్. 1925లో రస్సెల్, సాండర్స్ చూపిన కలయిక పద్ధతి మీద ఈ లెక్క నడుస్తుంది.

నిండిన 1s, 2s లెక్కలోకి రావు. 2pలో మూడు ఆర్బిటాళ్లు, ఒక్కోదానిలో రెండు స్పిన్‌లు, మొత్తం ఆరు స్థానాలు. అందులో రెండు ఎలక్ట్రాన్లను కూర్చోబెట్టే మార్గాలు 15. ఒక్కో అమరికకూ mₗ విలువలు కూడితే Mʟ, స్పిన్‌లు కూడితే Mₛ వస్తుంది. Mʟ విలువ 2, 1, 0, −1, −2 అయ్యే అమరికలు వరుసగా 1, 4, 5, 4, 1.

ఇక పై నుంచి విడదీయాలి. Mʟ = 2 ఉన్న ఒకే ఒక్క అమరికలో రెండు ఎలక్ట్రాన్లూ ఒకే ఆర్బిటాల్‌లో ఉన్నాయి. కాబట్టి పౌలీ నియమం ప్రకారం వాటి స్పిన్‌లు ఎదురెదురు, అంటే Mₛ = 0. ఇది L = 2, S = 0 గల ¹D. అది ఐదు అమరికలను తీసుకుపోతుంది. మిగిలిన పదిలో అత్యధిక Mʟ = 1, దానితో Mₛ = 1 ఉంది. అది ³P, తొమ్మిది దాని వాటా. చివరికి మిగిలిన ఒక్కటి ¹S.

పొరపాటు సాధారణంగా ఇక్కడే జరుగుతుంది. l = 1, l = 1 కలిపితే L = 2, 1, 0 అని, స్పిన్‌కు 1, 0 అని రాసేసి, ³D, ³S, ¹P కూడా చేర్చేస్తారు. అప్పుడు మొత్తం 36 అవుతుంది. అది 2p3p లాంటి వేర్వేరు ఉపకర్పరాలకు చెల్లే లెక్క. ప్రతి టర్మ్‌కూ (2S+1)(2L+1) వేసి కూడితే 15 రావాలి: 9 + 5 + 1.

వీటిని వరుసలో పెట్టడానికి హుండ్ నియమాలున్నాయి. స్పిన్ గుణకం ఎక్కువైనదే అడుగున ఉంటుంది, అందుకే ³P భూస్థాయి. గుణకం సమానమైతే L ఎక్కువైనది కింద, కాబట్టి ¹D తరువాత ¹S. వర్ణపటం ఇదే చెబుతుంది: ³P కన్నా ¹D దాదాపు 1.26, ¹S దాదాపు 2.68 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తున ఉన్నాయి.

అయితే హుండ్ నియమాలు గట్టిగా హామీ ఇచ్చేది అన్నిటికన్నా కింది టర్మ్‌కే. పై వరుస అన్ని పరమాణువుల్లోనూ నిలవదు. పైగా అవి క్రమం చెబుతాయి గానీ దూరాలు చెప్పవు. దూరాల కోసం మొదటి మెట్టు సిద్ధాంతం వాడితే, ¹D–¹S దూరం ³P–¹D దూరానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. కొలిస్తే దాదాపు 1.13 రెట్లే వస్తుంది. 2p² ఇతర విన్యాసాలతో కలిసిపోవడాన్ని ఆ సరళ లెక్క పట్టించుకోకపోవడమే ఈ తేడాకు ముఖ్యకారణం.