త్వరగా పుట్టేదీ, స్థిరంగా నిలిచేదీ

కళాశాల రసాయనశాస్త్ర గ్రంథాలలో బ్యూటాడయీన్ ప్రస్తావన లేనిది అరుదు. ఈ వాయువు అణువులో నాలుగు కార్బన్ పరమాణువులు వరుసగా వుంటవి. మొదటి రెంటి నడుమ ఒక ద్విబంధం, చివరి రెంటి నడుమ మరొకటి. దీనితో హైడ్రోజన్ బ్రోమైడు కలిసినప్పుడు ముందుగా హైడ్రోజన్ మొదటి కార్బన్‌ను చేరుతుంది. దానివల్ల ఏర్పడే ధనావేశాన్ని రెండవ, నాలుగవ కార్బన్లు పంచుకుంటవి. బ్రోమైడు ఆ రెంటిలో దేనినైనా పట్టుకోవచ్చును. సున్నకు 80 సెంటిగ్రేడు డిగ్రీల దిగువన రెండవ కార్బన్‌ను పట్టుకొన్న పదార్థం నూటికి 80 పాళ్లు వస్తుంది. 40 డిగ్రీల వద్ద అది 20 పాళ్లకు దిగి, నాలుగవదానిని పట్టుకొన్నది 80 పాళ్లవుతుంది.

ఈ అంకెలను చూపి, చలిలో వేగానిది పైచేయి, వేడిలో స్థిరత్వానిది పైచేయి అని చాలా గ్రంథాలు ముగిస్తవి. ఇది చాలదు. ఉష్ణోగ్రతతోపాటు రెండు మార్గాల వేగాల నిష్పత్తే మారిందేమోనని విద్యార్థి అడిగితే ఈ అంకెలు సమాధానం చెప్పలేవు. సమాధానం మరొక ప్రయోగంలో వున్నది. చలిలో తయారైన మిశ్రమాన్ని హైడ్రోజన్ బ్రోమైడు సమక్షంలోనే 40 డిగ్రీలకు తెస్తే, అది క్రమంగా 20కి 80 అనే నిష్పత్తికే వచ్చి ఆగుతుంది. అంటే, ఒకసారి చేరిన బ్రోమైడు వెచ్చదనంలో వూడి, మళ్లీ చేరుతున్నదన్నమాట. చలిలో వూడేందుకు తగిన శక్తి దానికి లేదు. అందుచేత ముందు పుట్టినదే మిగులుతుంది. దీనిని ముందు చెప్పి, అంకెలను తరువాత చూపడం మేలు.

మొదటి పదార్థాన్ని “అస్థిరమైనది” అనడం కూడ అతిశయోక్తే. ఒకటికి నాలుగు అనే సమతాస్థితిని లెక్కకట్టితే, రెంటికీ గల శక్తి భేదం మోలుకు సుమారు 3.6 కిలోజౌళ్లు మాత్రమే. రెండవ పదార్థంలో ద్విబంధం నడుమకు జరిగి, ఇరువైపులా కార్బన్లను కలిగివుండటమే దాని అధిక స్థిరత్వానికి కారణం.

ఇక మొదటిది వేగంగా ఎందుకు పుడుతుంది? రెండవ కార్బన్ వద్ద ధనావేశం హెచ్చుగా వుండటంచేతనని గ్రంథాలు చెబుతవి. 1979లో నార్డ్‌లాండరు, ఆయన సహచరులు దీనిని చక్కగా పరీక్షించారు. వారు పెంటాడయీన్‌కు డ్యుటీరియం క్లోరైడును చేర్చారు. ఇక్కడ ఆవేశం పంచుకొనే రెండు కార్బన్లకూ ఇరుగుపొరుగులు దాదాపు సమానమే. డ్యుటీరియం గుర్తు తప్ప పుట్టే పదార్థాలలోనూ భేదం లేదు. గ్రంథాల కారణమొక్కటే అయితే రెండూ సగం సగం రావాలి. కాని దగ్గరి కార్బన్‌ను పట్టుకొన్నదే చాల హెచ్చుగా వచ్చింది. డ్యుటీరియాన్ని విడిచిన క్లోరైడు ఆ పక్కనే వుండి, దూరం పోకముందే అందినదానిని పట్టుకొంటున్నది.

ఈ పరీక్ష జరిగినది క్లోరైడుతో. బ్రోమైడు విషయంలో సామీప్యానికి ఎంత, ఆవేశానికి ఎంత అని ఇది తేల్చదు. అయినా ఆవేశాన్ని ఏకైక కారణంగా అచ్చువేయడం మాత్రం ఇక సమంజసం కాదు.